ముప్పై ఎనిమిది ఉత్తరాలు, ఒక టికెట్ నంబరు

నాకు కోపం తొందరగా వస్తుంది. వచ్చినంత తొందరగా పోదు. అందుకే ఆ రోజు మధ్యాహ్నం సర్వర్ మా పనిని వెనక్కి కొట్టినప్పుడు ముందు నెట్‌ను తిట్టాను, తర్వాత కంప్యూటర్‌ను తిట్టాను, తిట్టాల్సింది నన్నేనని తెలిసేసరికి నోరు అలసిపోయింది.

మా ఆఫీసు మార్కాపురంలో, పలకలు పెట్టెల్లో సర్దే షెడ్డుకు ఎదురుగా మేడ మీద రెండు గదులు. ఆఫీసు పెట్టినాయనది దర్శి వైపు. హైదరాబాదులో పదేళ్లు ఉద్యోగం చేసి, ఇక చాలనుకుని వచ్చి, ఇక్కడే కూర్చుని పెద్ద కంపెనీల పనిలో చిన్న ముక్కలు తెచ్చుకుని చేయిస్తుంటాడు. మేమంతా ఆయన్ను అన్నా అంటాం. నేను పొద్దున గిద్దలూరులో ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పి, మధ్యాహ్నం బస్సెక్కి ఆఫీసుకు వచ్చేదాన్ని. ఇంకొకామె దొనకొండ దగ్గరి పల్లె నుంచి పొద్దున రైలుబండికి వచ్చేది. ముప్పై దాటిన మనిషి, ఇద్దరు పిల్లల తల్లి. వాళ్ల నాయన, అమ్మ కూలిపనికి పోయి ఆమెను చదివించారు. పెళ్లయ్యాక మండలాఫీసులో కొన్నేళ్లు డేటా ఎంట్రీ చేసింది. ప్రోగ్రాం రాయడం వాళ్ల చర్చి పక్క గదిలో ఒక పాత కంప్యూటర్ మీద సొంతంగా నేర్చుకుంది. నన్ను అక్కా అనేది.

మా ఇద్దరికీ కలిపి మంచి కంప్యూటర్ ఒక్కటే. ఆమె దిగి స్టేషన్‌కు పోయే వేళకు నేను చెమటలు కక్కుతూ మెట్లెక్కేదాన్ని. మెట్ల మీద "తిన్నావా అక్కా" అంటే "తిన్నా, నువ్వు పో, బండి పోతుంది" అనడం వరకే మా మాటలు. చేసిన పని గురించి మాట్లాడుకునే తీరికే ఉండేది కాదు. కాబట్టి కమిట్లలో రాసుకునేవాళ్లం.

కమిట్ అంటే చాలామందికి తెలిసే ఉంటుంది, తెలియని వాళ్ల కోసం చెబుతాను. ప్రోగ్రాంలో ఏ చిన్న మార్పు చేసినా దాన్ని, చేసిన వాళ్ల పేరుతో, వేళతో, ఒక మాటతో కలిపి దాస్తాం, దానికి అక్షరాలూ అంకెలూ కలిసిన ఒక గుర్తు పడుతుంది. ఆ మాటలో ఏం చేశామో రాయాలి. ఆమె మొదటి రోజే ఉత్తరంలాగా రాసింది: "అక్కా, రెండో ఫారంలో ఊరి పేరు ఖాళీగా ఉంటే పడిపోతాంది. ఆపినాను. మూడోది నేను ముట్టుకోలేదు, నువ్వు చూడు." చదివి నవ్వుకున్నాను. నేనూ అట్లాగే జవాబు రాశాను: "మూడోది చూశాను. నీ పని బాగుంది కానీ ప్రోగ్రాంలో పేర్లు కొంచెం పొట్టిగా పెట్టు, చదవలేక చస్తున్నా." అట్లా అలవాటైపోయింది. మా ఇద్దరికీ వేరు వేరు లాగిన్లు ఉండేవి కాబట్టి ఎవరి కమిట్ మీద వాళ్ల పేరు పడేది. అవన్నీ ఆఫీసులోనే మూల పెట్టిన ఒక పాత కంప్యూటర్ పెట్టెలో చేరేవి. రోడ్డు వెడల్పు చేస్తూ వారానికి రెండుసార్లు కేబుల్ తెంపేవాళ్లు, అందుకని బయటి సర్వర్ మీద ఆధారపడకుండా అన్న ఆ ఏర్పాటు చేశాడు. ఆ పెట్టె మేం ఏం రాసినా కిమ్మనేది కాదు.

పని హైదరాబాదు కంపెనీ ఒకదానిది. ఊళ్ల మంచినీళ్లను పరీక్షించే లాబ్‌లకు వాళ్లు ప్రోగ్రాం చేసి ఇస్తారు. నమూనా నీళ్లలో, పళ్లనూ ఎముకలనూ పాడుచేసే ఫ్లోరైడ్ ఎంత ఉందో లెక్క కట్టి, తాగవచ్చో లేదో రిపోర్టు అచ్చు వేస్తుంది. వాళ్ల పాత ప్రోగ్రాంను మాకిచ్చి, సరిచేయాల్సిన పనులు పన్నెండు రాసి, ఒక్కో పనికీ ఒక టికెట్ నంబరు వేసి ఇచ్చారు. గడువు ఆరు వారాలు. అక్కడి పెద్ద ఇంజనీరు అన్నతో ముందే చెప్పాడు: ఆరు వారాల చివర పనంతా మా సర్వర్‌లోకి పంపండి, ఎవరు ఏం చేశారో అక్కడ పేర్లతో చూస్తాను, కొత్తామె పని నచ్చితే ఆమెను పక్కాగా తీసుకుంటాం, లేకపోతే లేదు. అంటే దొనకొండ ఆమె ఉద్యోగం ఆ చివరి రోజు సర్వర్‌లో కనిపించే పేరు మీద ఉంది. అదే రోజు సాయంత్రం ఐదింటికి వాళ్లు అందిన పనినంతా కలిపి కొత్త ప్రోగ్రాం తయారు చేస్తారు. ఆ వేళకు అందనిది లేనట్లే లెక్క.

ఆ రోజు ఆమె మధ్యాహ్నం బండికి పోలేదు. పిల్లల్ని అత్తకు అప్పజెప్పి సాయంత్రం దాకా ఉంటానంది. నేను కాలేజీకి సెలవు పెట్టాను. సర్వర్‌లోకి పోవడానికి అనుమతి కూడా ఆ రోజు పొద్దున్నే వచ్చింది. రెండింటికి ఆమే కూర్చుని పుష్ కొట్టింది, అంటే దాచినవన్నీ వాళ్ల సర్వర్‌కు పంపే ఆజ్ఞ. మొత్తం ముప్పై ఎనిమిది కమిట్లు, ఇరవై ఏడు ఆమెవి, పదకొండు నావి. అంతా పోయినట్లే కనిపించి, చివర్లో స్క్రీన్ మీద ఎర్రగా వరుసలు దిగాయి.

ఇంగ్లీషులో ఉన్నదాని సారం ఇది: అంగీకరించలేదు, కమిట్ సందేశం మా నియమం ప్రకారం లేదు, మొదటి వరుస టికెట్ నంబరుతో మొదలవ్వాలి, తర్వాత రెండు చుక్కలు, తర్వాత చేసిన పని ఇంగ్లీషులో, మొత్తం డెబ్బై రెండు అక్షరాలు దాటకూడదు. దాని కింద తప్పిన కమిట్ గుర్తు. ఆ కింద ప్రీ-రిసీవ్ హుక్ తిరస్కరించింది అని.

ఆ హుక్ అనేది సర్వర్ గుమ్మం దగ్గర కాపలా ఉండే చిన్న ప్రోగ్రాం. వచ్చిందాన్ని లోపల చేర్చుకునే ముందే చూస్తుంది. కాదంటే మొత్తం కాదన్నట్లే, సగం తీసుకుని సగం వదలడం ఉండదు.

"ఏందక్కా ఇది, ఇన్నాళ్ళూ ఏ పేచీ లేదు గదా" అంది ఆమె.

"ఇన్నాళ్లూ మన పెట్టెకు పంపాం. దానికి కళ్లు లేవు, వీళ్ల దానికున్నాయి" అన్నాను.

తనిఖీ తప్పించే మాట ఒకటి చేర్చి మళ్లీ కొట్టాను. అది మన కంప్యూటర్‌లో ఉండే తనిఖీలను దాటేస్తుంది గానీ అవతలి గుమ్మంలో ఉన్నదాన్ని ఏమీ చేయదు. పిల్లలకు పాఠం చెప్పేదాన్ని నేనే, ఆ తొందరలో మర్చిపోయాను. మళ్లీ అదే ఎరుపు. చివరి కమిట్ సందేశం మార్చి పంపాం. ఈసారి ఇంకో కమిట్ గుర్తు చూపించి వెనక్కి కొట్టింది. అప్పుడు తెలిసింది, అది చివరిదాన్ని మాత్రమే కాదు, వచ్చిన ప్రతిదాన్నీ చూస్తోంది. ముప్పై ఎనిమిదిలో ఒక్కదానికీ నంబరు లేదు, సగానికి పైగా "అక్కా" తోనో "ఒసేయ్" తోనో మొదలవుతాయి.

అన్న వచ్చి వెనక నిలబడ్డాడు. మొదటి వారంలోనే వాళ్ల నియమాల కాగితం మెయిల్‌లో మీకు పంపినాను గదమ్మా అన్నాడు. నిజమే. పంపాడు. ఇరవై పేజీలుంది. మొదటి పేజీ చూసి పక్కన పెట్టింది నేను. ఆమెకు చూపించను కూడా లేదు. ఆ క్షణంలో నా మీద నాకు వచ్చిన కోపం ఇంకెవరి మీదా రాలేదు.

"ఇంతసేపు ఎందుకమ్మా? అన్నిటినీ ఒకటే కమిట్ చేసి పడేయండి. ఒకే సందేశం, ఒకే నంబరు. పది నిమిషాల పని" అన్నాడు అన్న.

ఆయన చెప్పింది అబద్ధం కాదు. అన్నీ కలిపి ఒకటి చేయవచ్చు. కానీ అట్లా కలిపితే మొదటి కమిట్ ఎవరిదో ఆ పేరే మిగులుతుంది. మొదటిది నాది, ఆమె తొలి ఉత్తరానికి ముందు రోజు చేసిన చిన్న మార్పు. ఆరు వారాల పనంతా నా పేరుతో పోతుంది. ఇరవై ఏడు కమిట్లు చేసిన మనిషి సర్వర్‌లో ఎక్కడా కనిపించదు.

ఆమెకు అది తెలుసు. స్క్రీన్ వైపే చూస్తూ "నీ ఇష్టం అక్కా. పని పోతే చాలు" అంది.

నాకు ఒళ్లు మండింది. "నా ఇష్టం ఏంది నా ఇష్టం? చేసింది నువ్వు. నోరు లేదా నీకు?" అన్నాను. అన్నాక అయ్యో అనిపించింది. చిన్నప్పటి నుంచి నోరు మెదపకుండా పని చేయడమే గౌరవమని నేర్పిన ఇంట్లో పెరిగిన మనిషిని, మోతుబరి ఇంట్లో గొంతు పెంచుకుని పెరిగిన నేను నోరు లేదా అని అడిగాను. కానీ దానికి క్షమాపణ చెప్పే టైం లేదు. ముందు ఉన్నదున్నట్లు ఒక నకలు తీసి పక్కన పెట్టి, ముప్పై ఎనిమిదినీ ఒక్కొక్కటిగా తెరిచి సందేశం మార్చే పని మొదలుపెట్టాం. అట్లా మారిస్తే కమిట్ గుర్తులన్నీ మారతాయి గానీ రాసిన వాళ్ల పేరు, రాసిన వేళ అట్లాగే ఉంటాయి. మాకు కావలసింది అదే.

నియమం మళ్లీ చదివాం. మొదటి వరుస గురించి మాత్రమే చెప్పింది. ఒక వరుస ఖాళీ వదిలి కింద ఏం రాసుకున్నా హుక్‌కు పట్టదు. "అయితే మన ఉత్తరాలు పడేయొద్దు. పైన వాళ్లడిగింది రాద్దాం, కింద మనది ఉంచుదాం" అన్నాను. ఆమె నంబర్ల కాగితం పట్టుకుని ఏ కమిట్ ఏ టికెట్‌దో చెబుతుంటే నేను కొట్టాను. చదువుతుంటే ఇద్దరికీ నవ్వొచ్చింది. "అక్కా, నిన్న నువ్వు రాసింది నాకు అర్థం కాలేదు, నీకైనా అర్థమైందా" అని ఒకచోట. "ఒసేయ్, నీ వల్ల రెండు గంటలు పోయినాయి, కానీ నువ్వే రైటు" అని నాది ఒకచోట. అన్న టీ తెప్పించి పెట్టాడు. అది చల్లారిపోయింది.

నాలుగు దాటింది. ఇరవై మూడో కమిట్ దగ్గర ఆమె ఆగిపోయింది.

"దీనికి టికెట్ లేదక్కా."

సందేశం చదివాను: "అక్కా, పలచన చేసిన నీళ్ళ లెక్క గుణించకుండానే పోతాంది. మార్చినాను. ఒకసారి చూడు." చూసినట్లు నాకు గుర్తుంది. బాగుందనుకుని నా పని నేను చేసుకున్నాను. పన్నెండు పనుల్లో అది లేదని కూడా నాకు తట్టలేదు.

"పక్కన దాని నంబరు వెయ్. హుక్ నంబరు ఉందా లేదా చూస్తుంది గానీ నిజమా కాదా చూడదు" అన్నాను.

"ఆ నంబరు వేరే పనిదక్కా. అచ్చు కాగితం సైజుది. దాని కింద ఇది పెడితే ఎవరూ చూడరు."

"చూడకపోతే ఏం? సరిచేశావు కదా, లోపలికి పోతుంది కదా."

"ఇప్పటి నుంచి సరిగా వస్తాది. ఇంతకముందు పోయిన రిపోర్టులు? అవి తప్పని ఎట్ల తెలుస్తాది?"

 కొత్త టికెట్ వేసే హక్కు మాకు లేదు, హైదరాబాదు ఇంజనీరే వేయాలి. టైం చూస్తే నలభై నిమిషాలుంది. ఫోన్ చేసి, మీ పాత ప్రోగ్రాంలో తప్పుందని ఆయనకే చెప్పాలి. ఆమెను తీసుకోవాలా వద్దా అని నిర్ణయించేది కూడా ఆయనే. అన్న ముఖం వాడిపోయింది. "ఈ రోజే చెప్పాలా అమ్మా? తీసుకున్నాక చెబుదాం" అన్నాడు మెల్లగా. ఆయన ఆమె మంచి కోసమే అన్నాడు. నేనూ అదే అనుకున్నాను, నిజం చెప్పాలి కదా.

"ఫోన్ కలుపన్నా" అంది ఆమె.

అన్న కలిపి, అందరికీ వినపడేట్లు పెట్టి బల్ల మీద ఉంచాడు. ఆమె లేచి నిలబడి మాట్లాడింది, ఆయన ఎదురుగా ఉన్నట్లు.

"సార్, నమస్తే. నేను మార్కాపురం ఆఫీసులో కొత్తగా చేరినామెను. టికెట్ ఒకటి కావాల సార్."

"ఏ పనికమ్మా?" అన్నాడాయన.

"మీరు చెప్పని పనికి సార్. నేను చేసినాను. నంబరు లేక ఆగిపోయింది."

"మా హుక్ ఆపిందా?" ఆయన గొంతులో చిన్న నవ్వు.

"ఆపింది సార్. ఆపిందే మంచిదైంది." ఫోన్‌కు దగ్గరగా వంగింది. "నీళ్ళల్లో ఫ్లోరైడ్ మరీ ఎక్కువుంటే ఆ పరికరం కొలవలేదు గదా సార్. అప్పుడు ఒక వంతు నీళ్ళకి మూడు వంతులు డిస్టిల్డ్ వాటర్ కలిపి కొలుస్తారు. వచ్చిన అంకెను నాలుగుతో గుణించాల. మొదటిసారి రాసేటప్పుడు మీ ప్రోగ్రాం గుణిస్తాంది. తరవాత ఊరి పేరో, తేదీనో సరిచేయడానికి ఆ రిపోర్టు తెరిచి మళ్ళీ సేవ్ చేస్తే గుణించకుండా పోతాంది. మూడు పాయింట్ ఆరు ఉన్న నీళ్ళు సున్నా పాయింట్ తొమ్మిదని అచ్చయితాంది. తాగొచ్చని కూడా అచ్చయితాంది."

 అవతల కీబోర్డు చప్పుడు వినిపించింది. చాలాసేపు వినిపించింది. అన్న నా వైపు చూశాడు. ఉద్యోగం పోయినట్లేనని ఆ చూపు.

"అవునమ్మా" అన్నాడు చివరికి ఆయన. నవ్వు లేదు ఇప్పుడు. "ఇప్పుడే ఇక్కడ చేసి చూశాను. మీరు చెప్పినట్లే వస్తోంది. ఇది లాబ్‌లలో నడుస్తున్న ప్రోగ్రాం. మా పరీక్షల్లో ఎవరికీ దొరకలేదు. మీకెలా దొరికింది?"

"పరీక్షకని మీరిచ్చిన పాత రిపోర్టుల్లో మా అమ్మోళ్ళ ఊరిది ఉంది సార్. తాగొచ్చని ఉంది. ఆ బోరు నీళ్ళు నాకు తెలుసు. అవి తాగినోళ్ళ గార పండ్లు నాకు తెలుసు, మా నాయన వంగని మోకాళ్ళు నాకు తెలుసు. కాగితాన్ని నమ్మాలా, మోకాళ్ళను నమ్మాలా అని లోపలికి పోయి చూసినాను."

నేను గోడ వైపు తిరిగాను. కళ్లలో నీళ్లు తిరిగితే నాకు సిగ్గు. ఆరు వారాలు ఆ మనిషితో ఉత్తరాలు రాసుకుని, ఆ ఒక్క వరుస వెనక ఏముందో నేను అడగలేదు. పక్కన దాని నంబరు వెయ్ అన్న నోరు కూడా నాదే. కానీ నిజం చెబుతున్నాను, ఆ సిగ్గు కంటే గర్వమే ఎక్కువైంది. ఆ గదిలో నిలబడి, ఆ యాసలో, ఒక్క మాట తడబడకుండా చెప్పిన మనిషి నాతో కలిసి పనిచేస్తుందని ఎవరికైనా గట్టిగా అరిచి చెప్పాలనిపించింది.

ఆయన టికెట్ వేశాడు. నంబరు రెండుసార్లు చదివి చెప్పాడు. తప్పు కనిపెట్టిన వాళ్ల పేరు దగ్గర మీ పేరే రాశానమ్మా అన్నాడు. ఆమె ఆ నంబరు కొట్టింది, మిగిలిన పదిహేనూ పూర్తి చేసింది. ఐదుకు ఎనిమిది నిమిషాలుండగా పుష్ కొట్టింది. ఈసారి ఎరుపు రాలేదు. ముప్పై ఎనిమిదీ లోపలికి పోయాయి, ఇరవై ఏడు ఆమె పేరుతో.

ఐదున్నరకు ఆయనే ఫోన్ చేశాడు. పేర్లన్నీ చూశానన్నాడు. కింది తెలుగు కూడా చదివానన్నాడు, అందులో ఒసేయ్ అన్నది ఎవరని అడిగాడు. నేను టికెట్ల కాగితం మడవడం మొదలుపెట్టాను. తర్వాత ఆమెను తీసుకుంటున్నామని చెప్పాడు.

ఆమె సంతోషపడుతుందనుకున్నాను. "సార్, అది సరే. ఆ పాత రిపోర్టులు ఎవరు చూస్తారు?" అంది.

"ఎవరు చూస్తే బాగుంటుందంటారు?"

"నేను చూస్తాను సార్. అన్నీ చూస్తాను."

"సోమవారం మొదలుపెట్టండి" అన్నాడాయన. "తప్పు రిపోర్టు పోయిన ప్రతి ఊరి పేరూ మీ సంతకంతో లాబ్‌లకు పోవాలి, వాళ్లు కొత్త రిపోర్టు పంపుతారు."

ఫోన్ పెట్టేశాక ఆమె కుర్చీలో కూలబడి, చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసింది.  భయమేసిందా అని నేనడిగితే, "ఇప్పుడు ఏస్తాందక్కా, ఇందాక తీరలేదు" అంది. అన్న బిడ్డకు చెప్పినట్లు, ఇంటికి ఫోన్ చెయ్యమ్మా, మీ నాయనకు చెప్పు అన్నాడు. ఆమె చెప్పింది. అవతల ఆయనకు సరిగా వినిపించక నాలుగుసార్లు చెప్పించుకున్నాడు. ఆమె నాలుగుసార్లూ విసుక్కోకుండా చెప్పింది.

సాయంత్రం బండికి టైమైంది. ఆమె సంచిలో టిఫిన్ డబ్బా, నోటు పుస్తకాలు, పిల్లలకని కొన్న పలకలు రెండు, బరువుగానే ఉంది. తీసుకుని ముందు నడిచాను.

"నాకియ్యక్కా, మా సంచి నువ్వు మోసేదేంది, మీ వాళ్ళెవరన్నా చూస్తే బాగుండదు" అని మెట్ల మీదే పట్టుకోబోయింది.

నేను ఇవ్వలేదు. ఆటోలో ఒళ్లో పెట్టుకున్నాను. స్టేషన్‌లో ప్లాట్‌ఫారం చివరిదాకా మోశాను. మా చుట్టాలు ఇద్దరు ముగ్గురు బండి కోసం నిలబడి ఉన్నారు, చూశారు. చూడనీ అనుకున్నాను.